బొమ్మలో లేని ఇప్పచెట్టు

ఇంకా కట్టని ఇంటిని కంప్యూటర్‌లో ముందే కట్టి, ఫొటో తీసినట్టు చూపించే బొమ్మను ఆర్కిటెక్టులు రెండర్ అంటారు. పునాది గుంత కూడా తవ్వలేదు, కానీ బొమ్మలో గోడ మీద ఎండ పడుతుంటది, కిటికీలో నుంచి పుస్తకాల బీరువాలు కనిపిస్తుంటాయి, మెట్ల మీద ఎవరో కూర్చొని చదువుకుంటుంటారు. డబ్బులిచ్చే వాళ్ళు ఊరు చూడరు, ఈ బొమ్మనే చూస్తారు. అందుకే ఆ బొమ్మ పక్కన నిలబడి చెప్పే పది నిమిషాల మాట చాలా జాగ్రత్తగా తయారు కావాలి. అట్లాంటి మాట ఒకటి తయారవడం నేను మొదటి నుంచి చివరి దాకా చూశాను. మన పిల్లల్లో ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు ఇప్పుడిప్పుడే వస్తున్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఆమె ఉట్నూర్ వైపు ఒక గూడెం అమ్మాయి. ఐదో తరగతి దాకా నా దగ్గరే చదివింది. హైదరాబాద్‌లో ఐదేళ్ళు బీ.ఆర్క్ చేసి, అక్కడే ఒక చిన్న ఆఫీసులో పనిచేస్తున్నది. గూడెంలో ఒక గ్రంథాలయం కట్టాలని ఆమె పట్టుదల. 2013 కంపెనీల చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. అట్లాంటి డబ్బును పంచే ఒక ప్యానెల్ కరీంనగర్‌లో కూర్చుంటున్నదని తెలిసి దరఖాస్తు పెట్టింది. ఐదుగురు సభ్యులు. మాట్లాడటానికి పది నిమిషాలు, ప్రశ్నలకు పది నిమిషాలు. ఊరి తరఫున ఇద్దరు రావాలన్నారు. పటేల్, నేను పోవాలని గూడెం నిర్ణయించింది.

పోయే ముందు ఆ బొమ్మను గూడెంలో చూపించమని చెప్పాను. ఆదివారం సాయంత్రం మా బడి గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి చూపించింది. బొమ్మ నిజంగా బాగుంది. అద్దాల గోడ, లోపల బంగారు రంగు వెలుగు, బయట పచ్చటి గడ్డి, మెట్ల మీద టోపీ పెట్టుకున్న ఒక మనిషి, సైకిల్ పట్టుకున్న ఒక పొడుగాటి ఆమె. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక ముసలామె అడిగింది, "వీళ్ళెవరు? మన ఊరికి ఎప్పుడొచ్చిన్రు?"

అందరూ నవ్వారు గానీ అమ్మాయి నవ్వలేదు. కంప్యూటర్ ప్రోగ్రాంలోనే మనుషుల బొమ్మలు, చెట్ల బొమ్మలు సిద్ధంగా ఉంటాయట. తెచ్చి అతికించుకోవడమే. వాటిలో ఎక్కువ విదేశీయులే. చంటిపిల్లను చంకనేసుకున్న తల్లి లేదు, కట్టె పట్టుకున్న తాత లేడు.

తర్వాత పటేల్ భార్య లేచి, "ఇప్పచెట్టు ఏమైంది? కొట్టేస్తున్నరా?" అని అడిగింది. ఆ జాగాలో పెద్ద ఇప్పచెట్టు ఒకటుంది. బొమ్మలో దాని చోట రెండు ఈతచెట్లలాంటివి నిలబడ్డాయి, కింద గచ్చు పరిచి ఉంది. మార్చి, ఏప్రిల్‌లలో రాత్రంతా ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారక ముందే ఆడవాళ్ళు చెట్టు కింద నేల ఊడ్చి పువ్వు ఏరుకుంటారు. ఆ పువ్వులో ఏ ఇంటికి ఎంత అన్నది పెద్దల నాటి నుంచి మాట ఉన్నది. చెట్టు కొడతారా లేదా అన్నదే ఆ సాయంత్రం అసలు ప్రశ్న అయింది, గ్రంథాలయం వెనక్కి పోయింది. కొట్టనని అమ్మాయి ఒట్టేసి చెప్పినా నమ్మడానికి బొమ్మ అడ్డం వస్తున్నది. కళ్ళకు కనిపించేది మాట కంటే గట్టిగా చెప్తుంది కదా.

మూడో తప్పు మా ఐదో తరగతి పిల్లలు పట్టుకున్నారు. బొమ్మలో కట్టడం వెనక మా గుట్ట ఉంది. అద్దాల గోడ గుట్ట వైపే ఉంది. "సార్, పొద్దు గుట్ట దిక్కే గూకుతది గదా" అన్నాడు ఒక పిల్లవాడు. అంటే అద్దాల గోడ పడమటి వైపు ఉన్నట్టు. బొమ్మలోని ఆ బంగారు వెలుగు పొద్దు గూకే ముందు వచ్చే ఎండ. ఎండాకాలం మధ్యాహ్నం మూడు దాటితే మన దగ్గర ఆ ఎండ ఎట్లా ఉంటదో చెప్పనక్కరలేదు. నెత్తి మీది ఎండను చూరు ఆపుతుంది. కానీ కిందికి దిగిన పొద్దు అడ్డంగా వస్తుంది, దాన్ని ఎంత పెద్ద చూరూ ఆపలేదు. బడి వదిలాక పిల్లలు గ్రంథాలయానికి వచ్చేది నాలుగు నుంచి ఆరు గంటల మధ్య. సరిగ్గా ఆ రెండు గంటలే ఆ గదిలో కూర్చోలేరు. పైగా నేరుగా ఎండ తగిలితే అట్టల రంగు వెలిసిపోతుంది, కాగితం పెళుసు బారుతుంది.

రెండర్‌ను చూసే పద్ధతి నాకు ఆ రోజే తెలిసింది. ముందు నీడ ఎటు పడుతున్నదో చూడాలి. తర్వాత ఊళ్ళో ఉన్న గుర్తు ఒకటి, గుట్టో చెట్టో బావో, బొమ్మలో వెతకాలి. ఆ రెండూ కలిపితే దిక్కు తెలుస్తుంది. దిక్కు తెలిస్తే ఆ గదిలో మే నెల ఎట్లా ఉంటదో తెలుస్తుంది.

అమ్మాయి మూడు వారాలు కూర్చొని మళ్ళీ గీసింది. కట్టడాన్ని తిప్పి, పొడుగు గోడలు ఉత్తరానికి, దక్షిణానికి పెట్టింది. ఉత్తరం వైపు కిటికీలు. అటు నుంచి నేరుగా ఎండ తక్కువగా వస్తుంది, చదవడానికి చల్లటి వెలుతురు వస్తుంది. దక్షిణాన ఎనిమిది అడుగుల వసారా. పడమటి వైపు కిటికీ లేని గట్టి గోడ. పునాది ఇప్పచెట్టు మొదలుకు పదిహేను అడుగులు దూరం జరిగింది, చెట్టు కింద గచ్చు పోయి మట్టి నేల వచ్చింది. ఇక మనుషులు. ఊళ్ళో వాళ్ళను అడిగి ఫొటోలు తీసుకొని, వాటినే కత్తిరించి బొమ్మలో పెట్టింది. వసారా అరుగు మీద పటేల్ కూర్చున్నాడు. మెట్ల దగ్గర చెప్పుల కుప్ప కూడా ఉంది. ఆ చెప్పులు చూసి నాకు చాలా సంతోషమైంది.

మాట్లాడే పాఠం కూడా అప్పుడే తయారైంది. మొదట రాసుకున్నది నాకు వినిపించింది. విజ్ఞానం, వెలుగు, దేవాలయం అని మొదలైంది, మొదటి నిమిషంలోనే రెండర్ తెర మీదికి వచ్చింది. నేను పెద్ద ఆర్కిటెక్చర్ తెలిసిన వాణ్ణి కాదు. కానీ టీచర్ ట్రైనింగ్‌లో బోధనోపకరణాల గురించి చెప్పిన మాట ఒకటి పాతికేళ్ళుగా పాటిస్తున్నాను. చార్టును ముందే గోడకు తగిలిస్తే పిల్లలు చార్టునే చూస్తారు, మన మాట వినరు. అవసరమైనప్పుడు తీయాలి, పని కాగానే చుట్టి పక్కన పెట్టాలి. "రెండర్ కూడా చార్టే బిడ్డా" అన్నాను. ఆమె దాన్ని ఆరో నిమిషానికి జరిపింది.

ఉట్నూర్ నుంచి జన్నారం, లక్షెట్టిపేట మీదుగా రాయపట్నం దగ్గర గోదావరి దాటి, ధర్మపురి, జగిత్యాల నుంచి కరీంనగర్ చేరాం. ఒక హోటల్ హాల్. మా కంటే ముందు ఇద్దరు మాట్లాడారు. ఇద్దరి తెర మీదా అదే బంగారు వెలుగు, అదే టోపీ మనిషి. పటేల్ నా చెవిలో గోండిలో, "వీడు ఈడికి కూడా వచ్చిండు" అన్నాడు.

అమ్మాయి "రామ్ రామ్" అని మొదలుపెట్టి తెలుగులోనే మాట్లాడింది. తెర మీద మొదట వచ్చింది ఒక రేకు పెట్టె ఫొటో. "ఇది మా ఊరి గ్రంథాలయం. బడికి ప్రభుత్వం ఇచ్చిన కథల పుస్తకాలు ఇందులో ఉన్నాయి. బడి నాలుగింటికి మూసేస్తారు. పిల్లలకు తీరిక దొరికేది నాలుగు తర్వాత. కాబట్టి పిల్లలకు తీరిక ఉన్నప్పుడు పెట్టెకు తాళం ఉంటుంది" అంది. దానికి పెద్ద వ్యాఖ్యానం చేయలేదు. వెంటనే జాగా గురించి గ్రామసభ తీర్మానం చూపించింది. తర్వాత బల్ల మీద రెండు గాజు సీసాలు పెట్టింది.

ఆ సీసాల సంగతి చెప్పాలి. గోడలు కాల్చని మట్టి ఇటుకతో కట్టాలని ఆమె ఆలోచన. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంలో అదిమి, నీళ్ళు చల్లి కొన్ని వారాలు పదను పెట్టే ఇటుక అది. అయితే ఏ మట్టి పడితే ఆ మట్టి పనికిరాదు. సీసాలో మూడో వంతు మట్టి పోసి, నీళ్ళు నింపి, బాగా ఊపి కదలకుండా పెడితే ముందు ఇసుక దిగుతుంది, దాని మీద ఒండ్రు, అన్నిటికంటే చివర బంకమన్ను. మా పిల్లలతో ఈ పని నేనే చేయించాను, వాళ్ళకది పరిసరాల విజ్ఞానం పాఠం అయింది. చేను నల్లరేగడి సీసాలో రెండో రోజుకు కూడా నీళ్ళు తేరలేదు. అంతా బంక. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే పగులుతుంది, ఇటుకకు పనికిరాదు, దాని మీద పునాది వేసినా ప్రమాదమే. గుట్ట పక్కన ఎర్రమట్టిలో సగానికి పైగా ఇసుక దిగింది. అది పనికొస్తుంది. ప్యానెల్ సభ్యులు లేచి వచ్చి ఆ సీసాలను వెలుతురుకు పెట్టి చూశారు. రెండర్ దగ్గరికి ఎవరూ లేచి రాలేదు.

ఆరో నిమిషంలో బొమ్మ వచ్చింది. అందులో ఉత్తరపు మూలన ఒక గదిని చుక్కల గీతతో మాత్రమే గీసి ఉంచింది. ఆ గీతను చూపిస్తూ ఆమె చెప్పిన లెక్క నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది.

"మొదట నేను గీసింది 960 చదరపు అడుగులు. అడుగుకు 2,000 రూపాయల చొప్పున 19 లక్షల 20 వేలు. చదువుకునే గది 30 అడుగులకు 20, అది 600. వసారా 30 అడుగులకు 8, అది 240. ఈ మూలగది 12 అడుగులకు 10, అది 120. మూలగది అందం కోసం పెట్టుకున్నాను. ఇప్పుడు తీసేస్తున్నాను. కట్టడం 840 అడుగులు, 16 లక్షల 80 వేలకు వస్తుంది. మిగిలిన 2 లక్షల 40 వేలతో నెలకు 8,000 చొప్పున 30 నెలలు ఒక మనిషి తలుపు తీస్తుంది, పుస్తకం ఇస్తుంది, రిజిస్టర్ రాస్తుంది. నేను అడిగే డబ్బు ఒక్క రూపాయి పెరగలేదు. గోడను జీతంగా మార్చాను."

పుస్తకాలకు, రాక్‌లకు 3 లక్షలు వేరే చూపించింది. రాక్‌లు గోడకు జానెడు దూరంగా ఉంటాయని, చెదలు గోడ పట్టుకొని ఎక్కుతాయి కాబట్టి ఆ సందులోకి చూపు పోవాలని ఒక మాట అంది. తర్వాత బొమ్మ తీసేసి, ఖాళీ తెర ముందు నిలబడి ప్రశ్నలకు సిద్ధమన్నది.

మొదటి ప్రశ్న అధ్యక్షుడిదే. మూలగది ఎందుకు తీశావు, అదే కదా అందం, దాతల పేర్లు పెట్టడానికి కూడా బాగుండేది అన్నాడు. సాధారణంగా ఇట్లాంటి నిధి కట్టడానికి వస్తుంది, జీతానికి రాదు. కట్టడం ఫొటోకు కనిపిస్తుంది, జీతం కనిపించదు. మన మండలాల్లో కట్టి తాళం వేసిన గదులు మనందరికీ తెలుసు. ఆమె వాదించలేదు. "సార్, చుక్కల గీత అట్లే ఉంచాను. 30 నెలల తర్వాత రిజిస్టర్ చూసి, జనం పట్టడం లేదనిపిస్తే అప్పుడు కట్టండి. గదిని తర్వాత కలపొచ్చు. మూతపడ్డ గ్రంథాలయాన్ని మళ్ళీ తెరవడం కష్టం" అంది.

ఇంకొకాయన మట్టి గోడలేమిటి, మా కరీంనగర్ గ్రానైట్ ఉండగా అన్నాడు. నిజమే, ఇక్కడి గుట్టలు పలకలై ఎక్కడెక్కడికో పోతున్నాయి. వాన చినుకు నేల మీద పడి గోడకు చిమ్మే చోట, అంటే అడుగు నుంచి రెండడుగుల ఎత్తు దాకా, రాయే కావాలని, మిల్లుల దగ్గర పడేసే ముక్కలు ఇస్తే చాలని ఆమె అంది. ఆయన నవ్వి రాసుకున్నాడు.

మట్టి ప్రశ్న అంతటితో ఆగలేదు. ఎందుకంటే అది గూడెంలో కూడా వచ్చింది. "మట్టి ఇల్లు కట్టనీకేనా పట్నంల చదివింది?" అని మనవాళ్ళే అన్నారు. అప్పుడు ఆమె ఫ్రాన్సిస్ కెరే గురించి చెప్పింది. ఆయనది ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె. ఊరి పెద్ద కొడుకు. ఆ ఊరి నుంచి బడికి పోయిన మొదటి పిల్లవాడు, ఊళ్ళో బడి లేక ఏడేళ్ళ వయసులో ఇల్లు విడిచిపోయాడు. వడ్రంగం నేర్చుకోవడానికి జర్మనీ పోయి, తర్వాత బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూ, విద్యార్థిగా ఉన్నప్పుడే చందాలు పోగుచేసి తన ఊరికి బడి కట్టాడు. 2001లో పూర్తయింది. జర్మనీ నుంచి వచ్చినవాడు మట్టి అంటాడేమిటని వాళ్ళ ఊళ్ళో కూడా బాధపడ్డారు. ఆయన మట్టి ఇటుకలతో కమాను కట్టి, దాని మీద మనుషులను ఎక్కించి గెంతించి చూపించాడు. 2022లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి అయిన ప్రిట్జ్‌కర్ ఆయనకు వచ్చింది, ఆఫ్రికా నుంచి మొదటివాడు ఆయనే.

అమ్మాయి ఆయన దగ్గర తీసుకున్నది పేరు కాదు, కప్పు. గాండో బడిలో రేకుల కప్పును ఇటుక పైకప్పుకు తగలకుండా ఎత్తి నిలబెట్టాడు. రేకు కాలినా ఆ వేడి మధ్య సందులో నుంచి గాలితో పోతుంది, గదిలోకి దిగదు. మనకు గూన పెంకు చల్లదనం తెలుసు, కానీ కోతులు ఉండనియ్యవు. పెంకులు పగలగొట్టి పగలగొట్టి మనవాళ్ళను రేకులకు మార్చింది కోతులే. రేకుల కింద మే నెలలో పాఠం చెప్పడం, వానలో గొంతు చించుకోవడం నాకు తెలుసు. అందుకే పైన రేకు, రెండడుగుల సందు, కింద కొలాం కుటుంబాలు అల్లే వెదురు తడకలు. ప్యానెల్‌లో ఒక ఇంజనీరు మాత్రం వెదురుకు పురుగు పడితే ఆ పొడి పుస్తకాల మీదే రాలుతుంది కదా అన్నాడు. మంచి ప్రశ్న. అల్లే ముందు బద్దలను బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెట్టాలి, అయినా తడక శాశ్వతం కాదు, కొన్నేళ్ళకు మార్చాల్సి ఉంటుంది, అల్లేవాళ్ళు పక్క ఊళ్ళోనే ఉన్నారు అని చెప్పింది. శాశ్వతం అని అబద్ధం చెప్పకపోవడం నాకు నచ్చింది.

ఒకామె నన్ను అడిగింది, "మీ భాషకు లిపి లేదంటారు కదా, పుస్తకాలు ఏవి పెడతారు?" నాకు కొంచెం కష్టమనిపించినా నెమ్మదిగానే చెప్పాను. నార్నూర్ మండలం గుంజాలలో గోండి చేతిరాత ప్రతులు దొరికాయి. ఆ లిపిని గుంజాల గోండి అంటారు, 2018లో యూనికోడ్‌లో కూడా చేరింది, అంటే ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాయడానికి దారి పడింది. అంతకు ముందు 1940లలోనే జైనూర్ దగ్గర మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం పెట్టించాడు, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చువేయించాడు. కాబట్టి ఒక రాక్ గోండికి, మిగతావి తెలుగుకు, ఇంగ్లీషుకు అన్నాను.

చివరి ప్రశ్న అందరికంటే గట్టిది. ఇంత డబ్బు పెడుతున్నాం, జాగా మా ట్రస్టు పేరిట రిజిస్టర్ చేస్తారా? పటేల్ నా వైపు చూశాడు. అమ్మాయి తీర్మానం కాగితం మళ్ళీ తెర మీద పెట్టింది. ఏజెన్సీలో స్థిరాస్తి ఆదివాసేతరుల పేరుకు మారదు, అట్లా మార్చినా చెల్లదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించాక, మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలిచేది ఇదే. ఆ చట్టంలో వ్యక్తి అన్న మాట కిందికి ప్రభుత్వం కూడా వస్తుందని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇక ట్రస్టు ఎట్లా తప్పించుకుంటుంది? "జాగా పంచాయతీదే, ఇవ్వం. కట్టడం ఏ పనికి వాడాలో, లెక్క ఎవరికి చూపాలో ఒప్పందం రాసిస్తాం" అంది. ఈ సంగతి రెండో నిమిషంలోనే తీర్మానంతో చెప్పి ఉండటం వల్ల అది ఎదురుమాటలా వినపడలేదు.

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. కట్టడానికి డబ్బు మూడు విడతల్లో ఇస్తారు. పుస్తకాలకు అడిగినంత. జీతానికి మాత్రం 30 నెలలు కాదు, 12 నెలలు. మిగతా 18 నెలలు, అంటే లక్షా 44 వేలు, రిజిస్టర్ చూశాక ఆలోచిస్తారట. గూడెంలో ఇంటికి కొంత వేసుకుందామన్నారు కొందరు. నెలకు 8,000 మన ఇళ్ళ నుంచి లేవదని పటేల్ తెగేసి చెప్పాడు. పంచాయతీకి అర్జీ రాసి పెట్టాం, జవాబు రాలేదు.

ఉత్తరంలో ఇంకో షరతు ఉంది. దాతల పేర్ల ఫలకం ఆరడుగుల వెడల్పుతో, దూరం నుంచి కనిపించేటట్టు ముందు వైపు పెట్టాలి. ముందు వైపు ఇప్పచెట్టు ఉంది, కొమ్మలు నరికితే తప్ప ఫలకం కనిపించదు. అమ్మాయి మూడో బొమ్మ గీసి పంపింది. ఫలకాన్ని కిటికీ లేని పడమటి గోడకు పెట్టింది. పొద్దు గూకే ముందు ఎండ నేరుగా దాని మీదనే పడుతది, అక్షరాలు రోడ్డు దాకా కనిపిస్తాయి. ఆ బొమ్మను మాత్రం వాళ్ళు వెంటనే ఒప్పుకున్నారు.